సంక్రాంతి మూడు ఉదయాలు: వాకిట ముగ్గు, భోగి మంట, కనుమ నాటి పశుపూజ ఎలా చేయాలి

ధనుర్మాసం మొదలయ్యేసరికి అడిగే ప్రశ్నలు ప్రతి ఏటా ఇంచుమించు ఇవే. చుక్కల ముగ్గు వేస్తే ఒక పక్కకు ఎందుకు సాగిపోతుంది? భోగి మంట రాజుకోకుండా పొగ ఎందుకు కమ్ముతుంది? కనుమ మర్నాడు ఆవు మేత ఎందుకు ముట్టడం లేదు? ఈ మూడింటికీ సమాధానాలు పని చేసే పద్ధతిలోనే ఉన్నాయి కాబట్టి, పండుగ వరుసలోనే ఒక్కొక్క పనినీ ఇక్కడ వివరిస్తున్నాను. పిడకలు ఎండడానికి కనీసం రెండు వారాలు పడుతుందనీ, అందువల్ల పండుగ పని డిసెంబరు నెలాఖరులోనే మొదలుపెట్టాలనీ ముందుగా గుర్తుంచుకోండి.

కావలసినవి

ముగ్గుకు: మెత్తని ముగ్గు పిండి, అందులో కలపడానికి కొంచెం బియ్యప్పిండి, కళ్ళాపికి ఆవు పేడ, కొలతకు ఒక పుల్ల లేదా దారం.

గొబ్బెమ్మలకు: గట్టిగా ఉన్న తాజా పేడ, పసుపు, కుంకుమ, గుమ్మడి పూలు లేదా బంతిపూలు.

భోగి మంటకు: బాగా ఎండిన పిడకలు, ఎండు కట్టెలు, చితుకులు, కొబ్బరి పీచు లేదా ఎండు తాటాకు, కర్పూరం, రెండు బకెట్ల నీళ్ళు, ఒక గంప ఇసుక.

కనుమకు: పసుపు, కుంకుమ, నూనె, నూలు దారంతో కట్టిన పూలదండలు, పచ్చి మేత, కొద్దిగా పొంగలి.

ముందుగా చేయవలసిన పని: పిడకలు

1. తాజా పేడలో గుప్పెడు ఊక గానీ తుంచిన ఎండుగడ్డి గానీ కలిపి బాగా పిసకండి. ఇవి కలపకపోతే పిడక ఎండేటప్పుడు పగుళ్ళు వస్తాయి.

2. పిల్లలు దండ గుచ్చే భోగి పిడకలైతే అరచేతిలో సగం వెడల్పు, చిటికెన వేలంత మందం చాలు. పచ్చిగా ఉన్నప్పుడే నడుమ వేలితో రంధ్రం చేయండి. ఎండిన తరువాత పొడిస్తే పిడక రెండు ముక్కలవుతుంది.

3. ఎండ తగిలే చోట ఆరబెట్టి, పైభాగం గట్టిపడగానే తిరగేయండి. ఒకే వైపు ఎండిన పిడకలో అడుగున తడి మిగిలిపోతుంది. భోగి నాడు పొగ కమ్మడానికి చాలా ఇళ్ళలో కారణం ఇదే.

4. పిడక ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒకదానిని విరిచి చూడండి. పుటుక్కున విరిగి, లోపల కూడా లేత గోధుమ రంగులో కనిపిస్తే ఎండినట్లు. లోపల ముదురు రంగు ఉన్నా, వంగి చిరిగినట్లు విడిపోయినా మరో నాలుగు రోజులు ఎండలో ఉంచాలి.

దండ గుచ్చడానికి జనపనార లేదా తాటినార వాడండి. నైలాన్ దారం మంటలో కరిగి బొట్లుగా కారుతుంది, ఆ బొట్టు చర్మంపై పడితే అంటుకుని లోతుగా కాలుస్తుంది.

వాకిట ముగ్గు: 7 నుంచి 4 వరకు సందు చుక్క

చుక్కల ముగ్గులో చుక్కలు పెట్టే తీరు ప్రధానంగా రెండు రకాలు. కింది వరుస చుక్కకు సరిగ్గా పైనే పై వరుస చుక్క వచ్చేది ఒకటి. కింది వరుసలోని రెండు చుక్కల సందుకు పైన చుక్క వచ్చేది రెండవది, దీనినే సందు చుక్క అంటారు. కొత్తగా నేర్చుకునేవారు సందు చుక్కతో మొదలుపెట్టడం మంచిది. ఆరు రేకుల పువ్వు ఇందులో తనంతట తానే కుదురుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో కూడా తేలికగా తెలిసిపోతుంది. ఇక్కడ 7 నుంచి 4 వరకు ముగ్గును మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. దీనిలో మొత్తం 37 చుక్కలు ఉంటాయి.

5. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లండి. పేడ నీళ్ళు పలుచగా ఉండాలి, చిక్కగా చల్లితే ఎండిన తరువాత పొరలుగా లేచి ముగ్గును కూడా లేపుకుపోతుంది. కళ్ళాపి చల్లిన వెంటనే ముగ్గు వేయవద్దు. నేలపై నీటి మెరుపు పోయి, రంగు మాత్రం ఇంకా ముదురుగా ఉన్న సమయమే సరైనది. అంతకన్నా తడిగా ఉంటే పిండి ముద్దకట్టి గీత కరిగిపోతుంది, పూర్తిగా పొడిగా ఉంటే చిన్న గాలికే చెదిరిపోతుంది. సిమెంటు నేల అయితే పేడ నీళ్ళతో జారుడు ఏర్పడుతుంది కాబట్టి, మంచి నీళ్ళు చిలకరించి తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

6. పిండిని పరీక్షించండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పిండి తీసుకుని, వేళ్ళను మెల్లగా కదుపుతూ జానెడు పొడవు గీత గీయండి. గీత మధ్యలో తెగకుండా, ఒకే మందంతో రావాలి. తెగుతుంటే పిండికి చెమ్మ తగిలిందని అర్థం, కాబట్టి పొడి గిన్నెలోకి మార్చి జల్లించండి. జనవరి తెల్లవారుజామున కురిసే మంచుకు పిండి త్వరగా చెమ్మగిల్లుతుంది, అందువల్ల గిన్నెపై మూత ఉంచి కావలసినంతే బయటికి తీయాలి. బియ్యప్పిండి చీమలకు, పిచ్చుకలకు ఆహారమని కలపడం మన ఆనవాయితీ. అయితే అది పావు వంతు మించితే వేళ్ళకు అంటుకుంటుంది. ముగ్గు పిండి దొరకనప్పుడు గోడలకు వేసే సున్నం మాత్రం వాడకండి, చేతివేళ్ళు పగులుతాయి, కంట్లో పడితే ప్రమాదం.

7. ముందు నడిమి వరుస పెట్టండి. గుమ్మానికి ఎదురుగా, గుమ్మం మధ్యకు సరిగ్గా ఒక చుక్క పెట్టి, దానికి అటు మూడు, ఇటు మూడు పెడితే ఏడు చుక్కల వరుస అవుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య బెత్తెడు దూరం, అంటే సుమారు 3 అంగుళాలు ఉంచండి. ఈ లెక్కన వరుస అడుగున్నర పొడవు వస్తుంది. పెద్ద వాకిలి అయితే జానెడు దూరం పెట్టుకోవచ్చు. పై నుంచి నాలుగు చుక్కలతో మొదలుపెట్టేవారు ఉన్నారు గానీ, అలా చేస్తే ముగ్గు గుమ్మానికి మధ్యలో రావడం కష్టం.

8. దాని పైన ఆరు, ఆపైన ఐదు, ఆపైన నాలుగు చుక్కలు పెట్టండి. ప్రతి చుక్క కింది వరుసలోని రెండు చుక్కల సందుకు పైన రావాలి. కింది వైపు కూడా ఇదే విధంగా ఆరు, ఐదు, నాలుగు పెట్టండి.

ముగ్గు సాగిపోయేది ఈ దశలోనే. వరుసల మధ్య దూరం చుక్కల మధ్య దూరంతో సమానంగా పెట్టడం అందరూ చేసే పొరపాటు. సందు చుక్కలో వరుసల మధ్య దూరం కొంచెం తక్కువ ఉండాలి, చుక్కల మధ్య 3 అంగుళాలు ఉంటే వరుసల మధ్య రెండున్నర అంగుళాల పైచిలుకు చాలు. ఈ కొలత గుర్తుపెట్టుకోనక్కరలేదు. నడిమి వరుసలోని రెండు పక్క చుక్కల మధ్య దూరానికి ఒక పుల్లను విరుచుకుని, పై వరుస చుక్క పెట్టేటప్పుడు దానిని కింది రెండు చుక్కల నుంచీ ఆనించి చూడండి. రెండింటి నుంచీ పుల్ల కొన ఎక్కడ కలుస్తుందో అక్కడే చుక్క పెట్టాలి.

9. గీతలు మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి. నడిమి చుక్కపై దారం ఒక కొన పట్టుకుని, నడిమి వరుస చివరి చుక్క వరకు లాగి, అదే పొడవుతో పై వరుస రెండు చివరలనూ కింది వరుస రెండు చివరలనూ తాకించండి. ఆరు మూలలూ దారానికి అందితే చుక్కలు సరిగ్గా ఉన్నట్లు. పై మూలలు దారానికి అందకుండా బయట ఉంటే వరుసలు దూరమైనట్లు. చుక్కలు చెరిపి మళ్ళీ పెట్టుకోవడానికి ఇదే సమయం, గీతలు పడిన తరువాత ఏమీ చేయలేరు.

10. ఇప్పుడు రేకులు గీయండి. నడిమి చుక్క చుట్టూ ఆరు చుక్కలు ఉన్నాయి. నడిమి చుక్క దగ్గర మొదలుపెట్టి, ఆ ఆరింటిలో ఒకదానిని రెండు వైపుల నుంచీ చుట్టి, అదే దిశలో దాని తరువాతి చుక్క దగ్గర మొన కలపండి. ఒక్కో రేకు లోపల ఒక చుక్క, మొన మీద ఒక చుక్క ఉంటాయి. వరుసగా కాకుండా ఎదురెదురు రేకులను జతలుగా గీస్తే పువ్వు ఒక వైపు వాలదు.

11. రేకుకూ రేకుకూ మధ్య, మొనల వరుసలో ఒక్కొక్క చుక్క మిగిలి ఉంటుంది. ఒక రేకు మొన నుంచి పక్క రేకు మొనకు, ఆ చుక్కకు బయటగా వంపు గీత కలపండి. ఆరు వంపులతో పువ్వు మూసుకుంటుంది.

12. అంచున ఇంకా 18 చుక్కలు మిగులుతాయి. ఆరు మూలల్లోని ఆరు చుక్కలను, రేకు మొన నుంచి బయలుదేరే మొగ్గలుగా చుట్టండి. ఒక్కో అంచున మిగిలిన రెండేసి చుక్కలను కలిపి ఒక ఆకు గీయండి. చివరికి ఏ గీతకూ అందని చుక్క ఒక్కటి కూడా ఉండకూడదు. అలా మిగిలితే 10వ దశలో ఏదో రేకు పక్క దిశకు వెళ్ళిందని తెలుసుకోండి.

13. రంగులు వేసేవారు పువ్వు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి రండి. అంచు నుంచి లోపలికి వేస్తే చీర కుచ్చిళ్ళు, చేతి మణికట్టు తగిలి వేసినదంతా చెదురుతుంది. రంగు నింపిన తరువాత తెల్ల గీతను మరోసారి పైనుంచి గీస్తే ముగ్గు తేటగా కనిపిస్తుంది.

14. గొబ్బెమ్మలకు పేడను గుండ్రని ముద్దలుగా చేసి, పైన పసుపు, కుంకుమ పెట్టి, పువ్వు గుచ్చండి. బేసి సంఖ్యలో పెట్టడం వాడుక. నడుమ పెద్దది, చుట్టూ చిన్నవి ఉంచండి. పేడ జారుగా ఉంటే నీడన కాసేపు గోనెసంచిపై ఉంచితే గట్టిపడుతుంది. ముగ్గు పూర్తయిన తరువాత, గీతలపై కాకుండా ఖాళీలలో వీటిని పెట్టాలి. సాయంత్రానికి తీసి పిడకలుగా చరచి దాచుకుంటే, రథసప్తమి నాడు పాలు పొంగించి పరమాన్నం వండడానికి ఉపయోగపడతాయి.

భోగి ఉదయం మంట

15. ముందు రోజు సాయంత్రమే చోటు చూసుకోండి. పైన కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు ఉండకూడదు. గడ్డివాము, తాటాకు పందిరి, వాహనాలు మంటకు దగ్గర్లో లేకుండా చూడండి, ముఖ్యంగా గాలి వీచే దిశలో అసలే ఉండకూడదు. సిమెంటు రోడ్డుపై గానీ పలకలు పరచిన వాకిట గానీ మంట వేయవలసి వస్తే, కింద నాలుగు వేళ్ళ మందాన ఇసుక లేదా మట్టి పరచండి. లేకపోతే వేడికి సిమెంటు పెచ్చులుగా ఎగిరిపడుతుంది.

16. నడుమ కొబ్బరి పీచు, చితుకులు ఉంచి, చుట్టూ సన్నని కట్టెలను మొనలు పైన కలిసేలా నిలబెట్టండి. వాటిపై పిడకలను ఆనించి, చివరగా లావు కట్టెలు పెట్టాలి. అన్నీ ఒకేసారి కుప్పపోస్తే లోపలికి గాలి వెళ్ళక పొగే మిగులుతుంది. గాలి వచ్చే వైపు అడుగున జానెడు ఖాళీ వదలండి.

17. గాలికి వీపు పెట్టి నిలబడి, ఆ ఖాళీలో నుంచి కర్పూరంతో అంటించండి. పెట్రోలు గానీ కిరోసిన్ గానీ పోయవద్దు. పెట్రోలు ఆవిరి నిప్పు చూపించగానే ఒక్కసారిగా భగ్గుమంటుంది, ముఖం మీద కాలిన గాయాలు అలాగే అవుతాయి. ఎండిన చితుకులు ఉంటే నూనెల అవసరమే రాదు.

18. మంట నిలబడిన తరువాత పిల్లల చేత పిడకల దండ వేయించండి. జారే ఓణీలు, సిల్కులా మెరిసే కృత్రిమ దారపు బట్టలు తొడిగి పిల్లలను మంట దగ్గరికి పంపకండి, నూలు బట్టలు వేయండి. దండను దూరం నుంచి విసరనీయకుండా, పెద్దవారు పక్కనుండి పొడవాటి కర్ర కొనకు తగిలించి వేయించడం మేలు.

పాత వస్తువులు మంటలో వేయడం ఆచారమే, అయితే ఆ ఆచారం కట్టెతో చేసిన వస్తువులకు పుట్టినది. ప్లాస్టిక్, టైర్లు, రబ్బరు చెప్పులు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ మంటలో వేయవద్దు. వాటి నుంచి వచ్చే విషపు పొగ నేలకు దగ్గరగా, చలి కాచుకుంటున్న పిల్లల ముఖాల ఎత్తులోనే కదులుతుంది. పొగ తెల్లగా పలుచగా పైకి పోతుంటే మంట బాగున్నట్లు. నల్లగా, ఘాటుగా వస్తే వేయకూడనిది ఏదో పడినట్లు, వెంటనే అందరినీ గాలి వచ్చే వైపుకు జరపండి.

19. తలంటు నీళ్ళు ఈ మంటపై కాచుకునేవారు, మంట తగ్గి నిప్పులు మిగిలిన తరువాతే బిందె పెట్టండి. మూడు రాళ్ళు కుదురుగా ఉన్నాయో లేదో ఖాళీ బిందెతో చూసి, తరువాతే నీళ్ళు పోయండి.

20. అపార్టుమెంటులో ఉన్నవారు మట్టి మూకుడులో ఇసుక పోసి, రెండు మూడు చిన్న పిడకలు, కర్పూరంతో బయలు ప్రదేశంలో వేసుకోవచ్చు. మూసిన బాల్కనీలో, ఇంటి లోపల వేయవద్దు.

21. పని అయ్యాక నీళ్ళు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్ళీ నీళ్ళు పోయండి. అరచేతి వెనుక భాగాన్ని బూడిదకు కొంచెం ఎత్తున ఉంచి చూస్తే వేడి తెలియకూడదు. పైన చల్లారినట్లు కనిపించే పిడక బూడిద లోపల చాలా గంటలు నిప్పు దాచుకుంటుంది, అందుచేత ఆ రోజే చెత్తకుండీలో వేయకండి.

కనుమ నాడు పశువులకు

ఆ రోజు కాడి కట్టకూడదు, బండి పూన్చకూడదు. అలంకారం కన్నా ముందు ఈ నియమమే పాటించాలి.

22. ఎండ వచ్చిన తరువాత పశువులను కడగండి. తెల్లవారుజామున చెరువులో దింపితే దూడలకూ ముసలి పశువులకూ చలి పడుతుంది. కడిగిన తరువాత గోనెపట్టతో తుడిచి ఎండలో కట్టేయండి.

23. కొమ్ములకు నూనె రాసి పసుపు పూయండి, కుంకుమ బొట్లు పెట్టండి. ఎర్రరంగు కావాలనుకుంటే జాజు నూనెలో కలిపి పూయవచ్చు. ఇనుప తలుపులకు వేసే రంగు కొమ్ము మొదట్లోని చర్మానికి తగిలినా, కంట్లో కారినా బాధిస్తుంది, పశువులు ఒకదానినొకటి నాకినప్పుడు కడుపులోకి కూడా పోతుంది. కొమ్ములు కత్తితో చెక్కడం కూడా మానండి, లోపల రక్తనాళాలు ఉంటాయి.

24. పూలదండలు నూలు దారంతోనే కట్టండి. పశువు దండను తప్పకుండా తింటుందని అనుకునే కట్టాలి. ప్లాస్టిక్ పూలు, బెలూన్లు, తళుకు కాగితాలు పొట్టలో చేరితే అరగవు, బయటికీ రావు. సన్నని ఇనుప తీగ ముక్క మరీ ప్రమాదం. కడుపు గోడను గుచ్చుకుని గుండె వైపు కదలగలదు. మువ్వల పట్టెడ కింద నాలుగు వేళ్ళు దూరేంత వదులు ఉంచండి.

25. పొంగలి ఒక్కో పశువుకు ఒక్క ముద్ద మాత్రమే పెట్టండి, మిగిలినదంతా పచ్చి మేత, ఎండుగడ్డి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటే ఇదే గుర్తుంచుకోండి. ఆవు పొట్ట గడ్డికి అలవాటు పడినది. ఉడికిన అన్నం, బెల్లం, పిండి ఒక్కసారిగా ఎక్కువ పడితే పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది, నెమరు ఆగిపోతుంది, తీవ్రమైతే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించలేకపోవడానికి కారణం ప్రేమే. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో ముద్ద పెడితే నాలుగు ముద్దలు, చుట్టుపక్కల మూడు ఇళ్ళవారు మిగిలిన అన్నం తెచ్చి పెడితే అది గంపెడవుతుంది. అందుకే పెట్టే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించి, మిగిలినవారి చేతికి పచ్చిగడ్డి ఇవ్వండి. గడ్డి తిన్న తరువాతే ముద్ద పెట్టాలి, ఖాళీ కడుపున పెట్టకూడదు.

చిత్తూరు ప్రాంతంలో కొన్ని రకాల చెట్ల బెరళ్ళు, ఆకులు ఉప్పుతో దంచి ఉప్పుచెక్క అని పశువులకు మింగించే ఆచారం ఉంది. మొక్కలు గుర్తుపట్టగల పెద్దలు దగ్గర ఉంటేనే అది చేయండి. మింగించేటప్పుడు పశువు తలను మరీ పైకెత్తి పట్టుకుంటే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నోరు కంటి ఎత్తు దాటకూడదు.

26. హారతి పళ్ళెం పశువు ముఖానికి మరీ దగ్గరగా తేకండి, పక్క నుంచి చూపండి. కొట్టం దగ్గర టపాకాయలు కాల్చనీయవద్దు.

27. చీకటి పడకముందే దండలు, పట్టెడలు తీసేసి, పశువును గమనించండి. పడుకుని నెమరు వేస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్లు. సందేహంగా ఉంటే ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. ఆ సమయంలో లోపల నుంచి కనీసం రెండు సార్లు పొట్ట కదిలి చేతిని నెట్టినట్లు తెలియాలి. కదలిక తెలియకపోయినా, ఎడమ వైపు పొట్ట ఉబ్బినా, పేడ నీళ్ళగా పుల్లని వాసనతో పడినా, పశువు పళ్ళు కొరుకుతూ మేత ముట్టకపోయినా, ఇంటి వైద్యంతో రాత్రి గడపకుండా పశువైద్యుడిని పిలవండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సంచార పశువైద్య సేవల నంబరు 1962. ఫోను చేసేటప్పుడు ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది అనే మూడు విషయాలు సిద్ధంగా ఉంచుకోండి. డాక్టరు వచ్చే వరకు అన్నం, దాణా, కుడితి ఏమీ పెట్టకుండా ఎండుగడ్డి మాత్రం ముందు వేసి ఉంచండి.